ఆమె చెప్పేదాకా ఆగితే ఆలస్యమే
(గర్భిణులు, పాలిచ్చే తల్లులు పనిచేసే చోట రసాయనాల ప్రమాద అంచనాపై ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది సూపర్‌వైజర్లు, సేఫ్టీ కమిటీ సభ్యులు. వెనక వరసల్లో కొందరు ఫ్యాక్టరీ డాక్టర్లు కూడా ఉన్నారు. గర్భిణుల రక్షణ అనగానే బరువులు, రాత్రి షిఫ్టులు, గంటల తరబడి నిలబడటం, ఇలా చాలా గుర్తొస్తాయి. అన్నీ ముట్టుకుంటే దేన్నీ సరిగా చెప్పలేను. అందుకని ఇవాళ ఒకే పని తీసుకుంటాను. స్క్రీన్ ప్రింటింగ్ యూనిట్‌లో స్క్రీన్లు కడిగే పని. దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులో చర్మం గుండా పోయే రసాయనం ఉంది, ఊపిరితో పోయేది ఉంది, గ్లవ్స్ చేసే మోసం ఉంది, వేరే పనికి మార్చినప్పుడు జరిగే పొరపాటూ ఉంది. ఈ ఒక్క పనిని సరిగా అంచనా వేయగలిగితే పెయింట్ షాపులోనో, ల్యాబ్‌లోనో, తోలు శుభ్రం చేసే చోటో అదే పద్ధతిలో వెళ్లొచ్చు.

ముందు కాలం లెక్క చూద్దాం. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన దాదాపు 28వ రోజుకల్లా మూసుకుపోతుంది. డాక్టర్లు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటిరోజు నుంచి కాబట్టి, ఆ లెక్కలో అది ఆరో వారం. అంటే ఆమెకు నెలసరి రావలసిన తేదీ దాటి రెండు వారాలు, అంతే. గుండె, చేతులు, కాళ్లు, అంగిలి, ముఖ్యమైన అవయవాలన్నీ రూపుదిద్దుకునేది గర్భం నిలిచిన మూడో వారం నుంచి ఎనిమిదో వారం దాకా. చాలామంది పనిచేసే చోట ఈ సంగతి ఎప్పుడు చెబుతారు? మూడో నెల నిండాక. ఇంట్లోవాళ్లకే అప్పటిదాకా చెప్పనివాళ్లున్నారు. మరి ఆమె వచ్చి చెప్పిన రోజున మనం ఫైలు తెరిస్తే, ఏ అవయవాలను కాపాడాలనుకున్నామో అవి అప్పటికే తయారైపోయి ఉంటాయి.

కాబట్టి ప్రమాద అంచనా రెండు సార్లు జరగాలి. మొదటిది పని మీద. ఆ బల్ల దగ్గర ఇవాళ ఎవరున్నా సరే, మగవాళ్లే ఉన్నా సరే, 'రేపు ఇక్కడ ఒక గర్భిణి నిలబడితే ఏమవుతుంది' అని ముందే రాసిపెట్టాలి. రెండోది మనిషి మీద. ఆమె చెప్పిన తర్వాత, ఆమెతో కూర్చుని, ఆమె నిజంగా చేసే పనులను బట్టి వేసేది. మొదటిది లేకుండా రెండోదొక్కటే చేసేవాళ్లు ఎప్పుడూ వెనకబడే ఉంటారు. యూరోపియన్ యూనియన్ 1992లో తెచ్చిన 92/85 డైరెక్టివ్ అయినా, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో ఆమోదించిన 183వ ఒప్పందమూ దానికి తోడైన 191వ సిఫారసూ అయినా, ప్రమాదాన్ని అంచనా వేయడంతోనే మొదలుపెడతాయి. పాలిచ్చే తల్లిని కూడా అదే వరసలో చేరుస్తాయి.

సరే, మన పనిలోకి వద్దాం. ఒక గది అనుకుందాం. ఎనిమిది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు. అంటే వంద ఘనపు మీటర్ల గాలి. ఒక మూల స్క్రీన్లు కడిగే తొట్టి. దానికి మూడు మీటర్ల దూరంలో ముద్రించిన షీట్లు ఆరబెట్టే ర్యాక్. గంటకు ఐదుసార్లు గాలి మారేలా ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆ తొట్టి దగ్గర పనిచేసే ఆమె రోజూ ఒక గంట స్క్రీన్లు కడుగుతుంది. రెండు ద్రవాలు వాడుతుంది. ఒకటి థిన్నర్, అందులో ఎక్కువ భాగం టోలుయిన్. రెండోది ఎండిపోయిన సిరాను వదిలించే రిమూవర్, అందులో ఎన్‌ఎంపీ, అంటే ఎన్-మిథైల్ పైరోలిడోన్.

మొదటి మెట్టు: ఆమె చేతిలోకి వచ్చే ప్రతి డబ్బా పేరూ రాసుకోవాలి. స్టోర్ రిజిస్టర్ చూసి రాయొద్దు, తొట్టి దగ్గర నిలబడి చూసి రాయండి. రిజిస్టర్లో లేని సీసా ఒకటి అక్కడ తప్పకుండా ఉంటుంది. పెద్ద డ్రమ్ములోంచి వంచుకున్నది, లేబుల్ లేనిది. దాని సంగతి తేలేదాకా అంచనా పూర్తి కాలేదనే లెక్క.

తర్వాత ప్రతిదానికీ సేఫ్టీ డేటా షీట్ తెప్పించండి. పదహారు విభాగాలుంటాయి. అన్నీ చదవక్కర్లేదు. రెండో విభాగంలో ప్రమాద సంకేతాలు, మూడోదాంట్లో ఏది ఎంత శాతం ఉందో, ఎనిమిదోదాంట్లో గాలిలో ఉండదగ్గ పరిమితి, గ్లవ్స్ వివరాలు, పదకొండోదాంట్లో విష ప్రభావాలు ఉంటాయి. మనం వెతికేవి ముఖ్యంగా ఇవి: H360, H361, H362. H360 అంటే సంతానోత్పత్తికి గానీ గర్భంలోని బిడ్డకు గానీ హాని చేయవచ్చు. పక్కన D అని ఉంటే బిడ్డకు, F అని ఉంటే సంతానోత్పత్తికి. H361 అంటే అలాంటి హాని చేస్తుందని అనుమానం. H362 అంటే తల్లిపాలు తాగే బిడ్డకు హాని చేయవచ్చు. వీటితోపాటు జన్యువులను దెబ్బతీసే H340, H341, క్యాన్సర్‌కు సంబంధించిన H350, H351 కూడా చూడండి. ఎన్‌ఎంపీకి H360D ఉంటుంది. టోలుయిన్‌కు H361d.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. డబ్బా మీద ఎర్ర అంచు డైమండ్‌లో ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టుండే మనిషి బొమ్మ చూసి గుర్తుపట్టమని మనవాళ్లకు శిక్షణ ఇస్తుంటాం. H360కి, H361కి ఆ బొమ్మ ఉంటుంది. H362కి ఏ బొమ్మా ఉండదు. 'ప్రమాదం' అనో 'హెచ్చరిక' అనో పెద్ద అక్షరాల మాట కూడా ఉండదు. సన్న అక్షరాల్లో ఒక వాక్యం, అంతే. బొమ్మలు చూసి డబ్బాలు వేరుచేసే యూనిట్‌లో పాలిచ్చే తల్లికి హాని చేసే డబ్బా అడ్డూ ఆపూ లేకుండా దాటిపోతుంది. నా దృష్టిలో ఈ లేబుల్ పద్ధతిలో పెద్ద లోపం ఇదే. అది సరయ్యేదాకా సంకేతం చదివేవాళ్లే దిక్కు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ రసాయనం ఆమె ఒంట్లోకి ఎంత పోతోంది? ఇక్కడే చాలా ఫైళ్లలో 'గాలి వెలుతురు తగినంత ఉంది' అన్న ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టేస్తారు. ఎంత తగినంత? లెక్క వేద్దాం. ఆ ఒక్క గంటలో 200 మిల్లీలీటర్ల టోలుయిన్ ఆవిరైపోతుందనుకోండి. అంటే సుమారు 173 గ్రాములు. ఆ గంటలో గదిలోంచి సాగేది 500 ఘనపు మీటర్ల గాలి. భాగిస్తే ఘనపు మీటరుకు దాదాపు 350 మిల్లీగ్రాములు. పీపీఎం అంటే పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలు. టోలుయిన్ విషయంలో ఘనపు మీటరుకు 3.77 మిల్లీగ్రాములు ఒక పీపీఎం. అంటే 92 పీపీఎం. అమెరికాలోని ఏసీజీఐహెచ్ అనే వృత్తి ఆరోగ్య నిపుణుల సంస్థ సూచించే ఎనిమిది గంటల సగటు పరిమితి 20 పీపీఎం. ఇప్పుడు అదే 173 గ్రాములను ఎనిమిది గంటల గాలికి, అంటే 4,000 ఘనపు మీటర్లకు పంచి చూడండి. 12 పీపీఎం కూడా రాదు. పరిమితి లోపలే ఉన్నాం అని కాగితం చెబుతుంది. కానీ ఆ ఒక్క గంటలో ఆమె పీల్చింది పరిమితికి నాలుగున్నర రెట్లు. అదే సంస్థ, మూడు రెట్లు దాటిన గాలిలో ఒకసారికి పదిహేను నిమిషాలకు మించి ఉండకూడదని కూడా చెబుతుంది. సగటు చూసిన కన్ను ఆ రెండో మాట చూడదు.

ఇంకో రెండు విషయాలు ఈ లెక్కకు కలపాలి. ఆవిరి గదంతా సమంగా పరుచుకుందని అనుకుని లెక్క వేశాం. నిజానికి తొట్టి మీదికి వంగిన మనిషి ముక్కు దగ్గర అంతకన్నా ఎక్కువే ఉంటుంది. రెండోది, గర్భిణి నిమిషానికి పీల్చే గాలి మామూలుకన్నా 30 నుంచి 50 శాతం ఎక్కువ. అదే గదిలో అదే గంటసేపు నిలబడినా పక్కనున్న మనిషికన్నా ఆమె ఒంట్లోకి ఎక్కువ పోతుంది. పైగా ఈ పరిమితులు చాలావరకు ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని, కళ్లమంట, తలనొప్పి, నరాల మీద ప్రభావం లాంటివాటి ఆధారంగా పెట్టినవి. పరిమితి లోపల ఉన్నామంటే కడుపులోని బిడ్డకు ఢోకా లేదని అర్థం కాదు.

టోలుయిన్ కనీసం వాసనతో పట్టిస్తుంది. ఎన్‌ఎంపీ అలా కాదు. మరిగే ఉష్ణోగ్రత 200 డిగ్రీలకు పైన. ఆవిరి తక్కువ, వాసన తక్కువ. అందుకే 'ఇది మెత్తటి మందు' అని పేరు తెచ్చుకుంది. దాని దారి వేరు, చర్మం. చాలా వేగంగా చర్మం గుండా లోపలికి పోతుంది. యూరప్‌లో దీనికి చర్మం మీద పడదగ్గ మోతాదును రోజుకు కిలో బరువుకు 4.8 మిల్లీగ్రాములుగా పెట్టారు. 60 కిలోల మనిషికి 288 మిల్లీగ్రాములు. అంటే దాదాపు పావు మిల్లీలీటరు పైచిలుకు. ఐదారు చుక్కలు! తడిగుడ్డ ఒకసారి అరచేత్తో పిండితే అంతకన్నా ఎక్కువే అంటుతుంది. గాలి కొలిచే పరికరం తెచ్చి ఎన్‌ఎంపీ లేదని తేల్చుకునేవాళ్లు అసలు దారి వదిలేసి పక్కదారిలో కాపలా కాస్తున్నట్టే.

'గ్లవ్స్ ఇస్తున్నాం కదండీ' అంటారు. ఏ గ్లవ్స్? నీలం రంగు పలచటి నైట్రైల్ గ్లవ్స్‌ను రెండు ద్రవాలూ నిమిషాల్లో దాటిపోతాయి. లాటెక్స్ ఇంకా అధ్వానం. బ్యూటైల్ రబ్బరు ఎన్‌ఎంపీని బాగా ఆపుతుంది, కానీ టోలుయిన్‌ను ఆపలేదు. ఫ్లోరో రబ్బరు టోలుయిన్‌ను ఆపుతుంది, ఎన్‌ఎంపీ దగ్గర పనికిరాదు. రెండూ వాడే ఈ తొట్టి దగ్గర నమ్మదగ్గది పొరలు పొరలుగా అతికించిన ప్లాస్టిక్ లామినేట్ గ్లవ్స్. అవి చేతికి అతుక్కోకుండా వదులుగా, గరగరలాడుతూ ఉంటాయి. వాటి మీద బిగువుగా పలచటి గ్లవ్స్ ఇంకో జత వేసుకుంటేనే పని సాగుతుంది. గ్లవ్స్ విఫలమైతే తెలుస్తుందా అంటే, చాలాసార్లు తెలియదు. చిరగకుండా, రంగు మారకుండానే ద్రవం అణువులు లోపలికి వెళ్తాయి. ఉబ్బడం, జిగురుగా అవడం, లోపల చల్లగా అనిపించడం కనబడ్డాయంటే అప్పటికే ఆలస్యమైందని అర్థం. 1996లో ఒక వైద్య పత్రికలో ఎన్‌ఎంపీతో పనిచేసిన ల్యాబ్ ఉద్యోగిని కేసు వచ్చింది. ఒలికిన ద్రవాన్ని ఆమె తుడుస్తుంటే లాటెక్స్ గ్లవ్స్ కరిగిపోయాయి. తర్వాత గర్భంలోనే బిడ్డ చనిపోయింది. ఒక్క కేసుతో కారణం రుజువు కాదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. కానీ గ్లవ్స్ కరగడం మాత్రం మన తొట్టి దగ్గర రేపే జరగగల విషయం.

ఇంతవరకు అంచనా. ఇక చేయవలసింది. 191వ సిఫారసు ఒక వరస చెబుతుంది. మొదట ప్రమాదాన్నే తీసేయాలి. కుదరకపోతే ఆమె పని తీరు మార్చాలి. అదీ కుదరకపోతే జీతం తగ్గకుండా వేరే పనికి మార్చాలి. అలాంటి పని లేకపోతే జీతంతో సెలవు ఇవ్వాలి. మెట్లు దిగినట్టు పైనుంచి కిందికి రావాలి. ఆచరణలో చాలామంది కింది మెట్టు మీదికి ఒక్క గెంతు గెంతుతారు. 'అమ్మా, నువ్వు ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో' అంటారు. జీతం మాట ఎత్తరు. అది చూసిన పక్క అమ్మాయి తన సంగతి ఐదో నెల దాకా దాస్తుంది. జీతం కోతకూ పిండం మీద పడే రసాయనానికీ ఇంత దగ్గర సంబంధం ఉంది.

ప్రమాదాన్ని తీసేయడమంటే ఇక్కడ మందు మార్చడం. ఎన్‌ఎంపీ బదులు స్క్రీన్లు కడగడానికి డైబేసిక్ ఎస్టర్ల మిశ్రమం వాడొచ్చు. నెమ్మదిగా పనిచేస్తుంది, సిరా నానడానికి కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆవిరి కళ్లకు తగిలితే చూపు కాసేపు మసకబారవచ్చు కాబట్టి తుంపరగా కొట్టకుండా గుడ్డతో రాయాలి. కానీ పిండానికి హాని అన్న ముద్ర దాని మీద లేదు. సప్లయర్ ఇచ్చే షీట్‌లో మళ్లీ మీరే సరిచూసుకోండి.

మందు మార్చేటప్పుడు జరిగే మోసాలు రెండు. డబ్బా మీద 'ఎన్‌ఎంపీ లేదు' అని పెద్దగా రాసి లోపల ఎన్‌ఈపీ, అంటే ఇథైల్ పైరోలిడోన్ పెడతారు. దానికీ అదే H360D. డైమిథైల్ ఫార్మమైడ్, డైమిథైల్ అసెటమైడ్‌లదీ అదే కథ. పేరు మారింది, సంకేతం మారలేదు. రెండోది ఇంకా సన్నది. గ్లైకాల్ ఈథర్లనే ద్రావకాల్లో 2-మిథాక్సీ ఇథనాల్, 2-ఇథాక్సీ ఇథనాల్ చెడ్డవని తెలిశాక చాలాచోట్ల 1-మిథాక్సీ-2-ప్రొపనాల్‌కు మారారు. మంచి మార్పే. కానీ తయారీలో దానితోపాటు 2-మిథాక్సీ-1-ప్రొపనాల్ కొద్దిగా పుడుతుంది. పేరులో అంకెలు అటూ ఇటూ అయ్యాయంతే, దానికి H360D ఉంది. యూరప్ నిబంధనల్లో ఇలాంటి పదార్థం మిశ్రమంలో 0.3 శాతం చేరితే మిశ్రమం మొత్తానికీ ఆ ముద్ర పడుతుంది. కాబట్టి కొనేటప్పుడు ఆ మలినం ఎంత శాతమో సప్లయర్‌ను రాతపూర్వకంగా అడగండి.

మందు రేపే మారదు. స్టాకు ఉంటుంది, ట్రయల్ వేయాలి. ఈలోగా ఆమెను మార్చాలి. మన ఉదాహరణలో ఆమె ఏడో వారంలోనే ధైర్యంగా వచ్చి చెప్పిందనుకుందాం. ఆ పూటే తొట్టి దగ్గర పని ఆపించాలి. 'అంచనా పూర్తయ్యాక చూద్దాం' అని రెండు వారాలు తొట్టి దగ్గరే ఉంచితే, మనం మొదట చెప్పుకున్న కీలకమైన రోజులు ఫైలు తిరుగుతుండగానే గడిచిపోతాయి.

సూపర్‌వైజర్‌కు తట్టే మొదటి ఆలోచన ప్యాకింగ్. రసాయనాలు ముట్టుకోనక్కర్లేదు కదా అని. కానీ ప్యాకింగ్ బల్ల ఎక్కడుంది? ఆరబెట్టే ర్యాక్ పక్కన. సిరాలో ఉన్న ద్రావకం ముద్రించేటప్పుడు కొంతే పోతుంది, ఆరేటప్పుడు చాలా పోతుంది. తొట్టి నుంచి తప్పించి ఎనిమిది గంటలూ ర్యాక్ పక్కన కూర్చోబెట్టాం. పైగా ప్యాకింగ్‌లో 14 కిలోల పెట్టెలు ఎత్తాలి. అమెరికా పరిశోధకులు గర్భిణుల కోసం సూచించిన పరిమితుల ప్రకారం, ఒంటికి దగ్గరగా, నడుము ఎత్తులో, ఎప్పుడో ఒకసారి ఎత్తే బరువు మొదటి ఇరవై వారాల్లో 16 కిలోలు, ఆ తర్వాత 12 కిలోలకు కాస్త తక్కువ. నేల మీంచి, చేతులు చాచి, పదేపదే ఎత్తితే ఇంకా చాలా తక్కువ. అంటే ఇవాళ సరిపోయిన పని ఇరవయ్యో వారానికి సరిపోదు. ఒక ప్రమాదాన్ని తీసి రెండు ప్రమాదాలు చేతికిచ్చినట్టయింది.

సరైన చోటు మన యూనిట్‌లో ప్రీప్రెస్ గది. ఫిల్ములు, డిజైన్లు సరిచూసే పని. కానీ దానికీ పరీక్ష ఉంది. ఆ గదికి గాలి ఎక్కణ్నుంచి వస్తోంది? ప్రింటింగ్ హాలు గాలినే తిప్పి పంపే ఏసీ అయితే గది మార్చిన ఫలం సగం పోయినట్టే. తలుపు సందు దగ్గర సన్నటి పొగ వదిలే చిన్న గొట్టం పట్టి చూస్తే పొగ ఎటు వెళ్తుందో తెలిసిపోతుంది. హాలు నుంచి గదిలోకి వస్తుంటే అక్కడ ఆమెను పెట్టకండి, ముందు గాలి దారి సరిచేయండి.

మార్పు కాగితం మీద రాయండి. ఏ పనులు ఆపాం, ఏ పనులు ఇచ్చాం, ఎప్పటి నుంచి, మళ్లీ ఎప్పుడు చూస్తాం, జీతం, ఓవర్‌టైమ్ సగటు, బోనస్ మారవని, ఆమె పాత పోస్టు ఆమెకే ఉంటుందని. ఒక కాపీ ఆమెకివ్వాలి. నోటిమాటగా చెప్పిన మార్పు వారం తిరిగేసరికి చెదిరిపోతుంది. షిఫ్టు మారుతుంది, కొత్త సూపర్‌వైజర్ వస్తాడు, 'ఒక్క గంట తొట్టి దగ్గర చూసుకో అమ్మా' అంటాడు. ఆమె కాదనలేదు.

ఇక అందరూ మరిచిపోయే ప్రశ్న: ఆమె వదిలిన తొట్టి దగ్గరికి ఎవరు వెళ్లారు? తరచూ ఇంకో యువతే వెళ్తుంది. ఆమె కూడా గర్భిణి కావచ్చు, ఆమెకే ఇంకా తెలియకపోవచ్చు. మగవాణ్ని పెట్టినా రసాయనం మంచిదైపోదు. అందుకే వేరే పనికి మార్చడం తాత్కాలికం, మందు మార్చడం శాశ్వతం. మొదటిది చేసి రెండోది వదిలేస్తే ప్రమాదం మనుషుల మధ్య చేతులు మారుతుందంతే.

కొన్ని ప్రశ్నలు చీటీల మీద వచ్చాయి. చదువుతాను.

'ఇంత బాధ ఎందుకు, ఆడవాళ్లను ఆ పనిలో పెట్టకపోతే పోదా?' ఈ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బ్యాటరీలు తయారుచేసే జాన్సన్ కంట్రోల్స్ కంపెనీ, పిల్లలు పుట్టే అవకాశం ఉన్న ఆడవాళ్లెవరినీ సీసంతో చేసే పనుల్లోకి రానివ్వమని నియమం పెట్టింది. 1991లో కోర్టు అది వివక్ష అని కొట్టేసింది. సీసం మగవాళ్ల వీర్యకణాలనూ దెబ్బతీస్తుందన్న ఆధారాలున్నా ఆ నియమం మగవాళ్లను పట్టించుకోలేదు. ఆడవాళ్లను గెంటేయడం వల్ల సీసం తగ్గదు, సీసం తగ్గించాల్సిన ఒత్తిడి మాత్రం తగ్గుతుంది.

సీసం మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. టోలుయిన్ లాంటివి పని ఆపాక రక్తంలోంచి తొందరగానే తగ్గిపోతాయి. సీసం అలా పోదు. ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి, దశాబ్దాల తరబడి ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు, పాలిస్తున్నప్పుడు ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం తీసుకుంటుంది, దాంతోపాటు దాచుకున్న సీసమూ రక్తంలోకి వస్తుంది, మాయ దాటి బిడ్డకు చేరుతుంది. అందుకే సీసం పనిలో గర్భం వచ్చాక మార్చడం చాలదు. పిల్లలు కావాలనుకున్నప్పుడే, ముందుగానే రక్తపరీక్ష చేయించి బయటికి తీసుకురావాలి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2010లో గర్భిణుల విషయంలో డెసిలీటరు రక్తానికి 5 మైక్రోగ్రాముల సీసం దగ్గరే కదలమని చెప్పింది. మామూలు పనివాళ్లను పనిలోంచి తప్పించడానికి పెట్టుకునే అంకెలు దానికి ఎన్నో రెట్లుంటాయి. ఫ్యాక్టరీ డాక్టర్లు ఈ రెంటినీ కలిపేయకూడదు.

'మాస్కు ఇచ్చి అదే పనిలో ఉంచొచ్చా?' చివరి దారిగా, కొన్ని నిమిషాల పనికైతే ఒక మాట. రోజువారీ ఏర్పాటుగా వద్దు. బట్ట మాస్కూ దుమ్ము మాస్కూ ఆవిరిని ఆపవు. కార్బన్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కు ఆపుతుంది, కానీ దాంతో గాలి లాగడానికి శ్రమ పెరుగుతుంది. నెలలు నిండేకొద్దీ ముఖం ఉబ్బితే అంచుల్లో సందు పడుతుంది. ఎన్‌ఎంపీ విషయంలోనైతే మాస్కు పెట్టినా చర్మం దారి తెరిచే ఉంటుంది.

'ప్రసవం అయి వచ్చాక పాత పనిలో పెట్టేయొచ్చు కదా?' ఇది చివరి చీటీ. పెట్టకూడదు, కొత్త అంచనా వేశాకే. తిరిగి వచ్చే మొదటి రోజుకు ముందే, పాలిస్తున్నారా అని సంకోచం లేకుండా అడిగే పద్ధతి ఉండాలి, జవాబు చెప్పమని బలవంతం మాత్రం ఉండకూడదు. పాలల్లో కొవ్వు ఉంటుంది. కొవ్వులో కరిగే చిన్న అణువులు రక్తం నుంచి పాలల్లోకి తేలిగ్గా చేరతాయి. టోలుయిన్ అలాంటిదే, డ్రైక్లీనింగ్‌లో వాడే పెర్‌క్లోరోఇథిలీనూ అలాంటిదే. 1977లో కెనడా వైద్య పత్రిక ఒక కేసు ప్రచురించింది. ఆరు వారాల పసిపాపకు కామెర్లు. తల్లి ఆ పనిలో లేనేలేదు. తోలు బట్టలు శుభ్రం చేసే భర్త దగ్గరికి మధ్యాహ్న భోజన వేళ వెళ్లి కాసేపు ఉండేది, అంతే. ఆమె పాలల్లో పెర్‌క్లోరోఇథిలీన్ కనిపించింది. పాలివ్వడం ఆపాక పాప కోలుకుంది.

అయితే దీన్నిబట్టి పాలు మాన్పించేయమని తల్లికి చెప్పకండి. మాన్పించాల్సింది రసాయనాన్ని. పాలిస్తున్నన్నాళ్లూ తొట్టి దగ్గరికి, ర్యాక్ దగ్గరికి పంపకండి. ఇన్నాళ్లని ముందే గడువు పెట్టకండి, ఆరు నెలలైనా రెండేళ్లయినా ఆమె పాలిచ్చేదాకా. పాలు పిండుకోవడానికి తలుపు గడియ పడే గది ఇవ్వండి, మరుగుదొడ్డీ వద్దు, రసాయనాలు పెట్టే స్టోరూ వద్దు. పని బట్టలు ఆ గది బయటే మార్చుకోవాలి, చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. చేతులకంటిన సిరా పోవడానికి థిన్నర్ వాడే అలవాటు ప్రింటింగ్ వాళ్లకు ఉంటుంది, అది పూర్తిగా మానాలి. పాల పంపు, సీసాలు పని హాల్లోకి రాకూడదు. పాల కోసం పెట్టిన ఫ్రిజ్‌లో ఇంకేదీ పెట్టకూడదు. చివరిగా, పని బట్టలు ఇంటికి తీసుకెళ్లి ఉతకనివ్వకండి, యూనిట్‌లోనే ఉతికించండి. తల్లివే కాదు, తండ్రివి కూడా.